నిండని నలభై రెండు

మదనపల్లెలో ఆసుపత్రి పోస్టులు నింపే ఆఫీసు వరండా గోడకు అంటించిన కాగితంలో నా పేరుకు ఎదురుగా 42.01 అని ఉంది. పక్క గడిలో ‘అనర్హురాలు – వయసు’ అని ఉంది. మైదా జిగురు ఇంకా తడారలేదు. నాకంటే ముందు చూసినవాళ్లెవరో పేర్ల మీద వేలు జరుపుకుంటూ పోయినట్టున్నారు, నా వరుస మీద బూడిదరంగు మరక పడింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మరక కింద అంకె అదే.

నేను పుంగనూరులో ఒక ప్రైవేటు ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా రక్తం తీసి పరీక్షలు చేస్తున్నాను. కుప్పం ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఒక్కటి ఖాళీ ఉందని ప్రకటన వచ్చినప్పుడు, అది నాకు చివరి అవకాశమని తెలుసు. జూలై ఒకటో తేదీ నాటికి నలభై రెండేళ్లు నిండి ఉండకూడదు అని అందులో రాశారు. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జూలై ఎనిమిది. ఆ ఎనిమిదికి నలభై రెండు నిండుతాయి. అంటే వారం రోజులు మిగిలాయి. వచ్చే ఏడాది ఇలాంటి ప్రకటనలు పది వచ్చినా నాకు పనికిరావు. ఈ వారం రోజుల మీదే దరఖాస్తు పెట్టాను.

ఆ జూలై ఎనిమిది కూడా మా అమ్మ చెప్పింది కాదు. మా అమ్మకు తెలిసింది వేరుశనగ పంట తీసే కాలం, ఆమె మాటలో చెనిక్కాయలు పీకే కాలం, అని మాత్రమే. నన్ను బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు గోడ మీద క్యాలెండరు చూసి, ఆ తేదీనే పుట్టినరోజుగా రాసుకున్నాడు. అడిగితే కురబలకోట నుంచి కుప్పం దాకా మా తరంలో సగం మంది జూన్, జూలై నెలల్లోనే పుట్టి ఉంటారు. ఆయన రాసిన అబద్ధాన్ని ముప్పై ఆరేళ్లుగా నిజంగా మోస్తున్నాను. ఆ అబద్ధానికైనా ఒక లెక్క ఉంటుంది కదా, ఆ లెక్క ప్రకారమైనా నన్ను చూడాలి కదా అన్నదే నా బాధ.

లోపల కంప్యూటరు దగ్గర ముప్పై ఏళ్ల ఆపరేటరు ఉన్నాడు. మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు.

“అప్పా, నాకు నలభై రెండు ఇంకా నిండలేదు జూలై ఒకటికి. సర్టిఫికెట్ సూడు” అన్నాను.

“నేను వేసింది కాదు మేడం. ఫార్ములా వేసింది.”

“ఏం ఫార్ములా?”

తెర నా వైపు తిప్పాడు. జూలై ఒకటిలోంచి పుట్టిన తేదీ తీసేస్తే రోజులు వస్తాయి. నాకు పదిహేను వేల మూడు వందల ముప్పై నాలుగు రోజులు. దాన్ని మూడు వందల అరవై ఐదుతో భాగించాడు. నలభై రెండు పాయింటు సున్నా ఒకటి వచ్చింది. నలభై రెండు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లందరికీ పక్క గడిలో అనర్హులని దానంతట అదే పడేటట్టు పెట్టాడు.

“ఏడాదికి మూడు వందల అరవై ఐదు రోజులు కద మేడం. ఇంక తప్పు యాడుండాది?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

వారం తక్కువైన మనిషికి నలభై రెండు మీద సున్నా ఒకటి ఎలా వస్తుందని అడిగాను. అతను తల గోక్కుని, సూపరింటెండెంటు గారిని అడగండి అన్నాడు.

సూపరింటెండెంటు వయసు యాభై దాటి ఉంటుంది. టేబుల్ మీద ప్లాస్టిక్ డబ్బాలో మరమరాలు పెట్టుకుని తింటున్నాడు. నేను నిలబడే చెప్పాను. ఆయన డబ్బా మూత పెట్టలేదు.

“జూలై ఒకటికి నలభై రెండు నడుస్తాండాది కదమ్మా నీకు?”

“నడుస్తాంటే ఏమి సార్. నిండకూడదు అని రాసినారు మీరు. నడవకూడదు అని రాయలేదు.”

“నిండినా నడిచినా ఒగటే. ఇప్పుడు నిండిపోయిండ్లేదా? సెప్టెంబరు వచ్చింది.”

“జూలై ఒకటికి నిండలేదు.”

ఆయన నా సర్టిఫికెట్ జిరాక్సును ఇటూ అటూ తిప్పాడు. తర్వాత పక్క టేబుల్ మీది గుమాస్తాను చూసి, “ఆడోళ్ల వయసు గదప్పా. మనిషి సెప్పేదొకటి, కంప్యూటరు సెప్పేదొకటి. కంప్యూటరుకు సిగ్గుండదు, నిజం సెప్తాది” అన్నాడు. గుమాస్తా నవ్వాడు. ఇంకో ఇద్దరు తల ఎత్తకుండా నవ్వారు.

ఆ మాట, ఆ నవ్వు, ఆ మరమరాల నమలడం, మూడూ నాకు ఒక్కటిగా గుర్తున్నాయి. నన్ను అవమానించినవాళ్ల ముఖాలు మరిచిపోవడం నాకు చేతకాదు. ఇంటర్లో నా రికార్డు పుస్తకం చించిన లెక్చరరు చొక్కా రంగు ఈ రోజుకీ చెప్పగలను. సూపరింటెండెంటును మరిచిపోతానా? అభ్యంతరాలకు మూడు రోజుల గడువుందని గోడ మీద రాశారు. కాగితం అడిగి అక్కడే రాసి, రసీదు ముద్ర వేయమన్నాను. ముద్ర వేసే మనిషి భోజనానికి పోయాడన్నారు. రెండు గంటలు వరండాలో కూర్చున్నాను. ముద్ర వేశాకే కదిలాను.

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంకెలు తిప్పుతూనే ఉన్నాను. నలభై రెండును మూడు వందల అరవై ఐదుతో హెచ్చిస్తే పదిహేను వేల మూడు వందల ముప్పై. ఆఫీసు లెక్క ప్రకారం అన్ని రోజులు గడిస్తే నలభై రెండు నిండినట్టు. నాకు జూలై ఒకటికి పదిహేను వేల మూడు వందల ముప్పై నాలుగు గడిచాయి. నాలుగు ఎక్కువ. కానీ క్యాలెండరు చూస్తే ఏడు తక్కువ. నాలుగూ ఏడూ కలిపితే పదకొండు. ఈ పదకొండు రోజులు ఎక్కడివి?

ఆరేడు మైళ్లు పోయాక తెలిసింది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదులు. నేను పుట్టినప్పటి నుంచి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండు. ఏడాదికి మూడు వందల అరవై ఐదే అనుకుంటే, లీపు సంవత్సరం వచ్చినప్పుడల్లా ఒక రోజు మిగిలిపోతుంది. ఆ మిగిలిన రోజులన్నీ నా వయసులో కలిపేశారు. వాళ్ల లెక్కలో నా పుట్టినరోజు నాలుగేళ్లకోసారి ఒక రోజు వెనక్కి జరుగుతూ వచ్చి, జూలై ఎనిమిది నుంచి జూన్ ఇరవై ఏడుకు చేరింది. జూన్ ఇరవై ఏడున నాకు నలభై రెండు నిండించేశారు.

ఇంత చిన్న విషయం. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్క. అంత పెద్ద ఆఫీసులో, అంతమంది సంతకాలు పెట్టిన కాగితంలో, ఒక్కరూ ఒక్కసారి వేళ్లు మడవలేదు. నాకు కోపం కంటే అసహ్యం ఎక్కువ వేసింది. మురికి గ్లాసులో నీళ్లు ఇచ్చి, తాగమని చూస్తూ నిలబడినట్టు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయనకు బస్టాండు దగ్గర విత్తనాల అంగడి ఉంది. మూట కుట్టుకుంటూ విన్నాడు.

“పదకొండు దినాలకేనా ఇంత రచ్చ?”

“పదకొండు దినాలు కాదు. ఉద్యోగం.”

“పోనీలే. నీకి కుప్పం యాలనే, అంత దూరం?”

పంతొమ్మిదేళ్లలో నాకు ఒక్క సెలవు జీతంతో ఇవ్వని ల్యాబు పక్క వీధిలో ఉంది, అందుకే దూరం కావాలి అని ఎన్నిసార్లు చెప్పాలి?

పుట్టిన తేదీలూ మార్కులూ ఉన్న గోడ మీది జాబితాను ఫోనులో ఫోటో తీసుకొచ్చాను. వయసు కారణంతో తీసేసినవాళ్లు తొమ్మిది మంది. ఒక్కొక్కరి పుట్టిన తేదీ పట్టుకుని లెక్క వేశాను. ఆరుగురికి నిజంగానే దాటింది. ముగ్గురికి దాటలేదు. ముగ్గురూ నేను పుట్టిన ఏడాదే, జూలై రెండుకూ పన్నెండుకూ మధ్య పుట్టినవాళ్లు. ఆ పదకొండు రోజుల సందులో పడినవాళ్లందరూ పోయారు. ఒకరు నేను. ఒకరు కలకడ మనిషి, అతనికి మార్కులు బాగా తక్కువ. మూడో పేరు చూసి ఫోను బోర్లా పెట్టేశాను.

మూడో పేరు కుప్పం ఆవిడది. జూలై ఐదు. నాకంటే రెండు మార్కులు ఎక్కువ.

ఆవిడ నాకు తెలుసు. దరఖాస్తు పెట్టాక, పనిచేయబోయే చోటు ఎలా ఉంటుందో చూద్దామని కుప్పం వెళ్లాను. పలమనేరులో బస్సు మారి, వెంకటగిరికోట మీదుగా పోయేసరికి మధ్యాహ్నం అయింది. అదే ఆసుపత్రి ల్యాబులో ఆవిడ తాత్కాలికంగా పనిచేస్తోంది. నేను ఎందుకొచ్చానో చెప్పగానే సీటులోంచి లేచి, మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పింది. దాన్ని నేను ఎక్కడ ముట్టుకుంటానో అన్నట్టు. “ఈడ సగం మంది తమిళం మాట్లాడతారక్కా, మిగిలినోళ్లు కన్నడం. నీకి కష్టమే. పుంగనూరు మాదిరి కాదు ఈడ” అంది. తర్వాత మంచినీళ్లు ఇచ్చింది, ఫోను నంబరు కూడా ఇచ్చింది. నాకు గుర్తున్నది మాత్రం ఆ గుడ్డ.

ఇప్పుడు లెక్క సూటిగా ఉంది. పోస్టు ఒక్కటి. అర్హుల జాబితాలో ఉన్నవాళ్లందరి మార్కులూ నాకంటే తక్కువ. నా ఒక్క వరుసను సరిచేస్తే ఉద్యోగం నాది. జాబితా మొత్తాన్ని సరిచేస్తే ఆవిడది.

మరుసటి రోజు మధ్యాహ్నం ల్యాబులో జనం పలచబడ్డాక ఆవిడకు ఫోను చేశాను. ఎందుకు చేశానో నాకే స్పష్టంగా తెలియదు. ఆవిడ అభ్యంతరం పెట్టిందో లేదో తెలుసుకోవడానికే అయి ఉంటుంది.

“లిస్టు సూసినావా?” అన్నాను.

“సూసినానక్కా. వయసు అయిపోయిందని రాసినారు.”

“అభ్యంతరం రాసినావా?”

“ఏం రాసేది? జూలై ఒకటికి నలభై రెండు నడుస్తాండాది కదా నాకు. కంప్యూటర్లో కూడా అదే వచ్చింది. మన తలరాత.”

“నడవడం వేరు...” అని ఆగిపోయాను.

“ఏమక్కా?”

“ఏమీ లేదు. సిగ్నలు సరిగా లేదు” అని పెట్టేశాను.

నేను మంచిదాన్నని రాసుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ ఒక్క మాట పూర్తి చేసి ఉంటే ఆవిడ గడువులోపల కాగితం పెట్టి ఉండేది. పూర్తి చేయలేదు.

మూడో రోజు మదనపల్లె నుంచి ఆపరేటరు ఫోను చేశాడు. మీ కాగితం చూసి మళ్లీ లెక్క వేస్తే తేడా ఎక్కడో నాకు దొరికింది, సార్ రమ్మంటున్నాడు, మీది సరిచేస్తామంటున్నాడు అన్నాడు. వెళ్లాను. ఈసారి నాకు కుర్చీ వేశారు. మరమరాల డబ్బాకు మూత ఉంది.

“సూసినామమ్మా నీది. లీపు సంవత్సరాల తేడా వచ్చింది” అన్నాడు సూపరింటెండెంటు, తనే కనిపెట్టినట్టు. “మూడు వందల అరవై ఐదున్నర... కాదు, అరవై ఐదుం పావు పెట్టి భాగిస్తే సరిపోతాది. ఏమప్పా, ఎంత వచ్చింది?”

“నలభై ఒకటి పాయింటు తొమ్మిది ఎనిమిది సార్” అన్నాడు ఆపరేటరు.

“పావు పెట్టినా తప్పే సార్” అన్నాను. “జూలై ఒకటిన సరిగ్గా నలభై ఒకటి నిండినోడికి పావు పెట్టి సూడండి. దశాంశాలు కొట్టేస్తే నలభై అని వస్తాది. రోజులు లెక్కపెట్టి భాగించేదే తప్పు. సంవత్సరంలోంచి సంవత్సరం తీసేసి, ఆ ఏడాది పుట్టినరోజు వచ్చిందా లేదా సూడాల. రాకుంటే ఒకటి తగ్గించాల. అంతే.”

ఆపరేటరు చేసి చూశాడు. నలభై వచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకుని సరిగ్గా కూర్చున్నాడు.

“ఇంక మాకు పాఠాలెందుకమ్మా. నీది సరిపోయింది కదా” అన్నాడు సూపరింటెండెంటు. ఆపరేటరు నా వరుసలో వయసు గడి మీద 41 అని చేత్తో కొట్టాడు. ‘అనర్హురాలు’ పోయింది. మార్కుల వరుసలో నా పేరు గబుక్కున పైకి పోయి మొదటి స్థానంలో నిలిచింది. తెర మీద నా పేరు, దాని పక్కన ఒకటి. నిజం చెప్పాలంటే ఆ ఒకటిని రెండుసార్లు చదువుకున్నాను. ఆవిడ ఎక్కడో కింద, బూడిదరంగు వరుసల్లో, 42.02 దగ్గర ఉండిపోయింది. ఇంకెవరూ అభ్యంతరం పెట్టలేదు. గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది.

“ఇంగ ఒక సంతకం పెట్టిపో” అని సూపరింటెండెంటు టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు.

చదివాను. నా అభ్యర్థనను సానుభూతితో పరిశీలించి, నాకు వయసు సడలింపు ఇచ్చినట్టు, అందుకు నేను కృతజ్ఞురాలినై అంగీకరిస్తున్నట్టు ఉంది.

“సడలింపు ఎవరడిగినారు సార్?”

“మాట ఏదైతే ఏమి? పని అయింది కదా.”

“నాకు సడలింపు లేదు. నా కేటగిరీకి రాదు. రేపు ఎవురన్నా ఈ కాగితం తీసి, ఈమెకు సడలింపు ఎట్ల ఇచ్చినారంటే, నా ఉద్యోగం పోతాది, మీది పోదు. లెక్క తప్పు పోయింది అని రాయండి. సంతకం పెడతాను.”

“ఆఫీసు తప్పు చేసిందని ఆఫీసే రాసుకుంటాదా? ఎవురికన్నా వయసు తగ్గిస్తే సంబరపడతారు. నువ్వేందమ్మా. పోయి మీ ఇంటాయన్ను అడుగుపో, ఇంత సిన్నదైపోయినానని సెప్పు” అన్నాడు. గుమాస్తా మళ్లీ నవ్వాడు. అదే నవ్వు.

నాకు ఇద్దరి మీద కోపం ఉంది. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పిన మనిషి ఒకరు, నా వయసును రెండుసార్లు నలుగురి ముందు నవ్వులాట చేసిన మనిషి ఒకరు. ఆ కుర్చీలో కూర్చుని ఏది పెద్దదో తూచుకున్నాను. అంతకు మించి గొప్ప ఆలోచన ఏదీ చేయలేదు. ఆ గుడ్డ చిన్నది.

సంతకం పెట్టలేదు. వరండాలోకి వచ్చి ఇంకో అభ్యంతరం రాశాను, ఈసారి నా పేరు మీద నా ఒక్కదాని గురించి కాదు. వయసు లెక్కించిన పద్ధతి తప్పు, జాబితా మొత్తం మళ్లీ లెక్కించాలి అని రాసి, తప్పుగా పోయిన మూడు వరుసల నంబర్లు వేశాను. కుప్పం ఆవిడ వరుస నంబరు దగ్గర పెన్ను ఆగింది. ఆవిడ నంబరు రాయకపోయినా మొత్తం లెక్కిస్తే ఆవిడ బయటపడుతుంది కదా అని రాశాను. ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేసే మనిషి ఈసారి నన్ను చూడగానే లేచి వచ్చాడు.

వాళ్లు దాన్ని చెత్తబుట్టలో వేస్తారని తెలుసు. అందుకే సోమవారం అర్జీలు తీసుకునే హాలుకు ఒక కాపీ పట్టుకుని వెళ్లాను. పింఛన్లకూ పొలం హద్దులకూ వచ్చిన మనుషుల మధ్య మూడు గంటలు నిలబడ్డాను. లోపల పెద్ద ఆఫీసరు, చిన్న వయసు. నా వంతు వచ్చేసరికి ఆమె కళ్లు వాలిపోయి ఉన్నాయి.

“ఒక్క నిమిషంలో చెప్పండి.”

“మేడం, బిడ్డ జూలై ఎనిమిదిన పుడితే పుట్టినరోజు జూలై ఎనిమిదిన చేస్తారా, జూన్ ఇరవై ఏడున చేస్తారా?”

ఆమె తల ఎత్తింది. “అదేంటి?”

“ఈ ఆఫీసులో నాకు జూన్ ఇరవై ఏడున చేసినారు.”

కాగితం తీసుకుని చదివింది. పక్కన నిలబడ్డ ఉద్యోగి వైపు తిరిగి, “వయసును మూడు వందల అరవై ఐదుతో భాగించారా?” అని అడిగింది. అతను తెలియదు మేడం అన్నాడు. “జాబితా మొత్తం మళ్లీ చేయించండి. చేత్తో మార్చొద్దు” అని పెన్నుతో రాసింది. నిమిషం కూడా పట్టలేదు. ఆ ఒక్క నిమిషం కోసం నేను మూడుసార్లు సెలవు పెట్టి, మూడుసార్లు ల్యాబు యజమాని మాటలు పడ్డాను.

పది రోజుల తర్వాత కొత్త జాబితా అంటించారు. వయసు గడిలో దశాంశాలు లేవు. నాకు 41, ఆవిడకు 41, కలకడ మనిషికి 41. మార్కుల వరుసలో ఆవిడ ఒకటి, నేను రెండు. జాబితా అడుగున, ‘కొందరు అభ్యర్థుల విజ్ఞప్తి మేరకు వివరాలు సవరించడమైనది’ అని ఒక వాక్యం ఉంది. మా విజ్ఞప్తి మేరకు. వాళ్ల తప్పు మేరకు కాదు.

వరండాలోనే సూపరింటెండెంటు ఎదురయ్యాడు. చేతిలో టీ గ్లాసుతో నిలబడి గోడ వైపు చూశాడు.

“అయిందామ్మా? నీ లైను ఒగటే మార్సుకో అంటే విన్లేదు. ఇప్పుడు ఎవురికి లాభం?”

“మీకైతే కాదు సార్” అన్నాను.

“నాకేమి లాభం, నాకేమి నష్టం” అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు. అది నిజం. ఆయనకు పోయిందేమీ లేదు.

రెండో స్థానం అంటే, ఆవిడ చేరకపోతే నన్ను పిలుస్తారు. ఆవిడ ఎందుకు చేరదు? అదే ఆసుపత్రి, అదే మైక్రోస్కోపు, ఇల్లు నడిచిపోయేంత దూరం.

చేరిన రోజు సాయంత్రం ఆవిడే ఫోను చేసింది. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

“అక్కా, నాకు వచ్చింది. నమ్మలేక పోతాండాను. ఎవురో పైన కంప్లైంటు పెట్టినారంట, లిస్టు మొత్తం మారిపోయింది.”

“అవునా.”

“ఎవురో పుణ్యాత్ములు. దేవుని మాదిరి. నీకేమైందక్కా? వయసు ఎక్కువైపోయిందా పాపం?”

“లేదు. జూలై ఒకటికి నాకు నలభై ఒక్క ఏళ్లు, పదకొండు నెలలు, ఇరవై మూడు రోజులు.”

ఆవిడ కాసేపు లెక్క వేసుకున్నట్టుంది. “అంటే నలభై రెండే అనుకోవచ్చు కదక్కా” అంది, ఓదార్పుగా.

ఆ కంప్లైంటు ఎవరిదో నేను చెప్పలేదు. చెబితే ఆవిడ కృతజ్ఞతతో పండగలకు ఫోన్లు చేస్తుంది, కుప్పం వస్తే ఇంటికి రమ్మంటుంది, కుర్చీ తుడిచి కూర్చోబెడుతుంది. అది భరించే ఓపిక నాకు లేదు. అక్కడ పని జాగ్రత్తగా చూసుకో అని పెట్టేశాను. సవరించిన జాబితా అడుగున రాసిన ఆ వాక్యం మీద మరో అర్జీ రాయడానికి కాగితం తీశాను.